ముహూర్తం చీటీని మీరే సరిచూసుకోవడం ఎలా (పాలమూరు లెక్కతో)

మాఘమాసం వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే. “అయ్యగారు రాసిచ్చిన టైమ్ క్యాలెండర్‌లో చూస్తే దుర్ముహూర్తంలో పడ్డది, మార్పించాల్నా?” “ఫోన్‌లో ఒక రాహుకాలం చూపిస్తోంది, గోడ మీద క్యాలెండర్‌లో ఇంకొకటి ఉంది, ఏది నిజం?” మాది మహబూబ్‌నగర్, మా ఇంట్లో మూడు తరాలుగా పౌరోహిత్యం. నేను బడిలో లెక్కలు చెబుతూ సెలవు రోజుల్లో గృహప్రవేశాలు చేయిస్తాను. అందరికీ ఫోన్‌లో ఒక్కొక్కరికి చెప్పలేక ఇది రాస్తున్నా.

ముహూర్తం పెట్టడం ఇక్కడ నేర్పించడం లేదు. దానికి చాలా చూడాలి, అది అయ్యగారి పని. ఆయన ఇచ్చిన చీటీలో ఏముందో చదువుకోవడం, తప్పుందేమో పట్టుకోవడం, తప్పు లేనిదానికి టెన్షన్ పడకుండా ఉండడం మాత్రం మీరే చేసుకోవచ్చు. గృహప్రవేశాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నా. ముగ్గు పోయడానికైనా, దర్వాజ ఎత్తడానికైనా సరిచూసే పద్ధతి ఇదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- అయ్యగారు ఇచ్చిన చీటీ, లేదా వాట్సాప్‌లో పంపిన దాని ఫోటో
- ఆ సంవత్సరం పంచాంగం (గోడ క్యాలెండర్ ఒక్కటే చాలదు, ఎందుకో కింద చెబుతా)
- ఆ తేదీన మీ ఊళ్లో సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడో. ఫోన్‌లో వాతావరణం చూపించే చోట ఊరి పేరు కొడితే వస్తుంది
- ఇంటి యజమాని, ఆయన భార్య జన్మనక్షత్రాలు. అవి తెలియకపోతే పేరులో మొదటి అక్షరం
- కాగితం, పెన్ను

1. ముందు చీటీని ముక్కలుగా విడదీయండి

మొన్నటి క్రోధి నామ సంవత్సరంలో మా వీధి చివర ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఇచ్చిన చీటీ ఇలా ఉంది:

“శ్రీ క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి శుక్రవారం, రోహిణీ నక్షత్రం, పగలు గం. 12-40 ని.లకు వృషభ లగ్న పుష్కరాంశమందు గృహప్రవేశం. రాజపంచకం, నిమ్మపండు దానం.”

కింద ఇంగ్లీషు తేదీ 7-2-2025.

ఇందులో ఏడు విషయాలున్నాయి: మాసం, తిథి, వారం, నక్షత్రం, గడియారం టైమ్, లగ్నం, పంచకం. వీటిలో తిథి, నక్షత్రం ముగిసే క్షణం దేశమంతటికీ ఒకటే. విజయవాడలో దశమి ముగిసే నిమిషానికే మన గద్వాలలోనూ ముగుస్తుంది. లగ్నం, రాహుకాలం, దుర్ముహూర్తం మాత్రం మీ ఊరి సూర్యోదయాన్ని బట్టి మారతాయి. ఇంత గుర్తుంటే చాలు, ఫోన్‌కూ క్యాలెండర్‌కూ ఎందుకు పడదో మీకే అర్థమవుతుంది.

2. మాసం, తిథి, వారం సరిపోయాయా చూడండి

పంచాంగంలో ఆ తేదీ పేజీ తీయండి. తిథి పక్కన అది ఎన్ని గంటల దాకా ఉందో ఉంటుంది, నక్షత్రానికీ అంతే. మీ ముహూర్తం టైమ్ ఆ రెండూ ముగియకముందే ఉండాలి. ఆ శుక్రవారం దశమి రాత్రి దాకా, రోహిణి సాయంత్రం దాకా ఉన్నాయి కాబట్టి 12:40కి ఇబ్బంది లేదు.

తర్వాత మూఢం ఉందేమో చూడండి. గురువు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కనిపించకుండా పోయే రోజులే మూఢం. 2025లోనే జూన్, జూలై మధ్య గురుమూఢం వచ్చింది. ఆ రోజుల్లో గృహప్రవేశం, లగ్గం పెట్టరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం లాంటి శూన్యమాసాలు, అధికమాసం కూడా అంతే. చీటీలో ఇలాంటి తప్పు దొరకడం చాలా అరుదు, ఏ అయ్యగారైనా మొదట చూసేది ఇదే.

అసలు తప్పులు జరిగేది వారం దగ్గర. పంచాంగంలో వారం అర్ధరాత్రి మారదు, సూర్యోదయానికి మారుతుంది. రాత్రి 2 గంటలకు లగ్గం అనుకోండి. చీటీలో “గురువారం రాత్రి తె. 2-10” అని ఉంటే గడియారం ప్రకారం అది శుక్రవారం, కొత్త తేదీ. ఈ ముక్క తెలియక మా బంధువుల లగ్గంలో ఫంక్షన్ హాలు ఒక రోజు ముందుకు బుక్ చేశారు. వంటవాళ్లు కూడా ముందు రోజే గిన్నెలు దించి కూర్చున్నారు. చీటీలో తప్పేం లేదు, చదవడంలోనే పొరపాటు. తెల్లవారుజాము ముహూర్తమైతే వారంతో పాటు “ఇంగ్లీషు తేదీ ఏది” అని అయ్యగారినే అడిగి, ఆయన చేతనే పక్కన రాయించుకోండి.

3. మీ ఊరి సూర్యోదయంతో రాహుకాలం, దుర్ముహూర్తం కట్టుకోండి

గోడ క్యాలెండర్‌లో శుక్రవారం రాహుకాలం ఎప్పుడూ 10:30 నుంచి 12 అనే ఉంటుంది. పొద్దు సరిగ్గా 6కు పొడిచి 6కు గుంకుతుందని వేసుకున్న లెక్క అది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానికి పెట్టింది, మహబూబ్‌నగర్ దాదాపు 78 డిగ్రీల మీద ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున మన సూర్యుడు గడియారం కంటే 18 నిమిషాలు ఆలస్యం. నల్లగొండకు ఇది 13 నిమిషాలు. దీనికి తోడు రుతువును బట్టి పగలు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. జనవరి నడుమ పాలమూరులో 6:50 దాటితే గానీ పొద్దు పొడవదు, జూన్ మొదట్లో 5:45కే వెలుగొస్తుంది. ఆరుకూ ఆరుకూ కట్టిన లెక్క మనకు ఏడాదంతా ఎట్లా సరిపోతుంది?

చేయాల్సింది ఇంతే. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న నిమిషాలను 8తో భాగిస్తే రాహుకాలం భాగం, 15తో భాగిస్తే దుర్ముహూర్తం భాగం వస్తుంది. ఏ వారానికి ఎన్నో భాగమో కింద ఇస్తున్నా.

రాహుకాలం: ఆదివారం 8, సోమ 2, మంగళ 7, బుధ 5, గురు 6, శుక్ర 4, శని 3.

దుర్ముహూర్తం (పగటివి): ఆదివారం 14, సోమ 9, 12, మంగళ 4, బుధ 8, గురు 6, 12, శుక్ర 4, 9, శని 1, 2.

మన చీటీకి వేద్దాం. 2025 ఫిబ్రవరి 7న మహబూబ్‌నగర్‌లో సూర్యోదయం సుమారు 6:47, అస్తమయం 6:17. పగలు 11 గంటల 30 నిమిషాలు, అంటే 690 నిమిషాలు.

రాహుకాలం భాగం: 690 ÷ 8 = సుమారు 86 నిమిషాలు. నాలుగో భాగం కావాలంటే ముందు మూడు భాగాలు దాటాలి, అంటే 259 నిమిషాలు. 6:47కు అంత కలిపితే 11:06. అక్కడి నుంచి 12:32 దాకా రాహుకాలం.

దుర్ముహూర్తం భాగం: 690 ÷ 15 = 46 నిమిషాలు. నాలుగోది 9:05 నుంచి 9:51. తొమ్మిదోది 12:55 నుంచి 1:41.

ఇప్పుడు క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. అందులో శుక్రవారం రాహుకాలం 10:30–12:00, రెండో దుర్ముహూర్తం 12:24–1:12. ఇల్లుగలాయన 12:40 టైమ్ దుర్ముహూర్తంలో ఉందని కంగారుపడి నా దగ్గరికి వచ్చాడు. “పన్నెండూ పదికి పెట్టుకుంటాం పంతులూ, అప్పటికి రాహుకాలం అయిపోతది, దుర్ముహూర్తం ఇంకా రాదు” అన్నాడు. క్యాలెండర్ చూసి చేసుకున్న ఆ సర్దుబాటుతో, మంచి టైమ్‌లో ఉన్నవాడు తిన్నగా మన ఊరి రాహుకాలంలోకి పోయేవాడు. 12:32కూ 12:55కూ మధ్య ఉన్న చిన్న సందులో అయ్యగారు సరిగ్గా 12:40 పట్టుకున్నారు. ఆ రోజు వర్జ్యం కూడా సుమారు 11 గంటలకు మొదలై పన్నెండున్నరకు అయిపోయింది. వర్జ్యం పంచాంగంలో నేరుగా ఉంటుంది, లెక్క కట్టక్కర్లేదు.

లెక్క సరిగ్గా చేశారో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం: రాహుకాలపు నాలుగో భాగం ముగిసే క్షణమే పగటికి సరిగ్గా సగం. అదే మీ ఊరి నడిమధ్యాహ్నం, సూర్యుడు నెత్తి మీదకొచ్చే వేళ. పైన అది 12:32 వచ్చింది. ఏడాది పొడుగునా పాలమూరులో అది 12:00కు వచ్చే అవకాశమే లేదు. మీ లెక్కలో 12:00 వచ్చిందంటే వేరే ఊరి సూర్యోదయం తీసుకున్నట్టే.

అభిజిత్ ముహూర్తం కూడా 15 భాగాల్లో ఎనిమిదోదే. ఆ రోజు 12:09 నుంచి 12:55 దాకా. క్యాలెండర్ 11:36–12:24 అంటుంది. బుధవారం ఎనిమిదో భాగమే దుర్ముహూర్తం కాబట్టి ఆ రోజు అభిజిత్తును లెక్కలోకి తీసుకోరు.

4. తారాబలం, చంద్రబలం

ఇంటి యజమానికీ భార్యకూ చూస్తే చాలు. ఇంట్లో ఉన్న తొమ్మిది మందికీ కుదిరే రోజు కావాలంటే ఇల్లు పాతబడిపోతుంది.

మన పల్లెల్లో చాలామందికి పుట్టిన టైమ్ రాసి ఉండదు, అప్పుడు పేరుబలం చూస్తారు. పంచాంగం వెనక పేజీల్లో ఏ అక్షరానికి ఏ నక్షత్రమో పట్టిక ఉంటుంది. మన ఇల్లుగలాయన పేరు “ప”తో మొదలు, అంటే ఉత్తర మూడో పాదం, కన్యారాశి. ఆమె పేరు “న”తో మొదలు, అనూరాధ, వృశ్చికరాశి. జన్మనక్షత్రం తెలిసి ఉంటే దాన్నే వాడండి. రోజు నచ్చలేదని జన్మనక్షత్రం వదిలి పేరు నక్షత్రానికి మారడం మాత్రం చేయకండి. మాకు అలా అడిగేవాళ్లు బాగానే తగులుతారు.

మీ నక్షత్రాన్ని ఒకటి అనుకుని ఆ రోజు నక్షత్రం దాకా లెక్కపెట్టండి. తొమ్మిది దాటితే తొమ్మిదులు తీసేయండి. మిగిలింది 2, 4, 6, 8, 9 అయితే మంచిది. 3, 5, 7 వదిలేస్తారు. 1 వస్తే జన్మతార, కొన్ని పనులకు ఒప్పుకుంటారు, కొన్నిటికి ఒప్పుకోరు, అయ్యగారిని అడగాలి.

ఉత్తర నుంచి రోహిణి దాకా 20. రెండు తొమ్మిదులు పోతే 2, సంపత్తార. అనూరాధ నుంచి రోహిణి 15, తొమ్మిది పోతే 6, సాధన తార. ఇద్దరికీ బాగుంది.

ఇక్కడ పదిమందిలో సగం మంది చేసే తప్పు మొదలుపెట్టిన నక్షత్రాన్ని లెక్కలో వదిలేయడం. ఉత్తరను వదిలి హస్త నుంచి ఒకటి అంటే 19 వస్తుంది, సంపత్తార కాస్తా జన్మతార అయి కూర్చుంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టేటప్పుడు మీ నక్షత్రం పేరు చెబుతూనే మొదటి వేలు ముడవండి.

చంద్రబలానికి రాశులతో ఇదే పని. రోహిణి అంటే చంద్రుడు వృషభంలో ఉన్నాడు. కన్య నుంచి వృషభం 9, వృశ్చికం నుంచి 7. 1, 3, 6, 7, 10, 11 ఎప్పుడూ మంచివే, శుక్లపక్షంలో 2, 5, 9 కూడా పనికొస్తాయి. మనది శుద్ధ దశమి కాబట్టి 9 చెల్లింది. బహుళ పక్షంలో అయితే ఆయనకు ఇదే రోజు చంద్రబలం లేదనేవాళ్లు.

రెండూ విడివిడిగా ఎందుకు చూడాలంటే, యజమాని తమ్ముడి పేరు “తా”తో మొదలు, స్వాతి. స్వాతి నుంచి రోహిణి 17, అంటే 8, మిత్రతార, చాలా మంచిది. కానీ స్వాతిది తులారాశి, తుల నుంచి వృషభం ఎనిమిది. అష్టమ చంద్రుడు! ఇల్లు ఆ తమ్ముడి పేరు మీద ఉండి ఉంటే ఈ రోజు పెట్టేవారే కాదు.

5. లగ్నం, పంచకం

లగ్నం మీరు కట్టలేరు, కట్టనక్కర్లేదు. పంచాంగంలో లగ్నాంత్య పట్టిక చూసి చీటీలోని లగ్నం ఆ టైమ్‌కు ఉందో లేదో చూసుకుంటే చాలు. ఆ రోజు మన దగ్గర వృషభ లగ్నం సుమారు 12:12 నుంచి 2:10 దాకా నడిచింది. పంచాంగం కోస్తాలో అచ్చయినదైతే పట్టికకూ మన ఊరికీ పది నిమిషాలు అటూఇటూ తేడా ఉండొచ్చు. ముహూర్తం లగ్నం అంచున ఉంటే, అంటే మొదలయ్యే ముందో అయిపోయే ముందో 5, 10 నిమిషాల్లో ఉంటే, ఏ ఊరికి కట్టారో తప్పకుండా అడగండి.

“12-40” అని అంత కచ్చితంగా ఎందుకు రాశారంటే పుష్కరాంశ కోసం. లగ్నాన్ని తొమ్మిది ముక్కలు చేస్తే ఒక్కోటి 13 నిమిషాలు. వృషభంలో మూడో ముక్క పుష్కరాంశ, అది దాదాపు 12:38 నుంచి 12:51. అంటే 12:40 అని రాసినా మీ చేతిలో పది నిమిషాలకు పైగా ఉన్నట్టే. సెకను దాటితే కొంప మునుగుతుందని ఇంటి ముందు ఒకరినొకరు తోసుకోకండి.

పంచకం లెక్క మీరే వేయొచ్చు. తిథి + వారం + నక్షత్రం + లగ్నం కలిపి తొమ్మిదితో భాగించాలి. తిథి శుద్ధ పాడ్యమి నుంచి, వారం ఆదివారం నుంచి, నక్షత్రం అశ్విని నుంచి, లగ్నం మేషం నుంచి.

దశమి 10 + శుక్రవారం 6 + రోహిణి 4 + వృషభం 2 = 22. రెండు తొమ్మిదులు పోతే 4.

మిగిలింది 1 మృత్యు, 2 అగ్ని, 4 రాజ, 6 చోర, 8 రోగ పంచకం. 3, 5, 7, 0 అయితే పంచక రహితం. బహుళ పక్షంలో తిథికి 15 కలిపి వేయాలి, బహుళ విదియ అంటే 17. ఇది మరిచిపోయి పంచకం ఉందనో లేదనో తప్పు చెప్పుకునేవాళ్లు చాలామంది.

మనకు 4 వచ్చింది, రాజపంచకం. అయ్యగారు దాన్ని దాచలేదు, చీటీలోనే రాసి నిమ్మపండు దానం చేయమన్నారు. ఒక్కో పంచకానికి ఒక్కో దానం ఉంది, రాజపంచకానికి నిమ్మపండు, చోరానికి దీపం, రోగానికి ధాన్యం. మరి పంచకం లేని టైమే పెట్టొచ్చు కదా అంటారా? ఆ ఉదయం 9:51 తర్వాత మీన లగ్నంలో కాసేపు ఉంది. 10+6+4+12 = 32, మిగిలింది 5, పంచక రహితం. కానీ మీనంలో అప్పుడు రాహువు ఉన్నాడు, పైగా అది ద్విస్వభావ లగ్నం. ఇంటికి వృషభం, సింహం, వృశ్చికం, కుంభం లాంటి స్థిర లగ్నాలే ముందు చూస్తారు. వృషభం నుంచి ఎనిమిదో ఇల్లు ఖాళీగా కూడా ఉంది, అష్టమశుద్ధి అంటారే, అది. దానంతో పోయే దోషాన్ని ఒప్పుకుని, పోని దోషాన్ని వదిలిపెట్టారు. ఏ దోషమూ లేని ముహూర్తం కావాలంటే సంవత్సరం మొత్తం వెతికినా దొరకదని మా నాన్నగారు అనేవారు, నాకూ ఇంతవరకు ఒక్కటి దొరకలేదు.

6. అయ్యగారు దేన్ని పట్టించుకుంటారు, దేన్ని వదిలేస్తారు

“ఇదంతా వేదంలో ఉందా?” అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. జ్యోతిషం ఆరు వేదాంగాల్లో ఒకటి. లగధుడి పేరున ఉన్న వేదాంగ జ్యోతిషం యజ్ఞాలు ఏ వేళకు చేయాలో చెప్పే కాల గణితం, అందులో మన జాతకచక్రాలు లేవు. రాశులు, లగ్నాలు, తారాబలాలు తర్వాత చేరాయి. సంప్రదాయం ఒప్పుకున్న శాస్త్రమే, కానీ మంత్రంతో సమానం కాదు. నేను చూసిన పెద్ద అయ్యగార్లలో ఎక్కువమంది ఈ తేడా తెలిసే మాట్లాడతారు.

ముందు మూఢం, మాసం, తిథి, నక్షత్రం. తర్వాత లగ్నశుద్ధి. ఆ తర్వాత వర్జ్యం, దుర్ముహూర్తం. రాహుకాలం చివర. మా చిన్నప్పుడు పాత అయ్యగార్లు చీటీలో రాహుకాలం ప్రస్తావనే తెచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు జనం అడుగుతున్నారు కాబట్టి వీలైతే తప్పిస్తున్నాం. ఇంట్లో పెద్దవాళ్లకు రాహుకాలమే పెద్ద భయం, పంతులికి అది చిన్న విషయం. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

ఇంకోటి. ముహూర్తం మనం ఎంచుకుని చేసే పనికే. సంధ్యావందనం రాహుకాలంలో పడిందని ఎవరూ మానరు. తద్దినం ఏ తిథిన రావాలో ఆ తిథిన పెట్టాల్సిందే. చవితి, నవమి, చతుర్దశి రిక్త తిథులని ఇంటి పనికి వదిలేస్తాం, అదే చవితినాడు వినాయకుణ్ని కూర్చోబెడతాం, నవమినాడు సీతారాముల కల్యాణం చేస్తాం. అమావాస్యనాడు ఏ పనీ మొదలుపెట్టని మనవాళ్లే అమావాస్య రాత్రి చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి దగ్గరికి బండ్లు కట్టుకుని పోయి నిద్ర చేసి వస్తారు. దేవుడి రోజు వేరు, మన పని రోజు వేరు. జ్వరం వచ్చిన పిల్లను దవాఖానకు తీసుకుపోవడానికి వర్జ్యం చూసేవాళ్లను ఏ అయ్యగారూ మెచ్చుకోరు.

పెండ్లి తంతులో ఒక శ్లోకం చదువుతాం, “తదేవ లగ్నం సుదినం తదేవ, తారాబలం చంద్రబలం తదేవ”. లక్ష్మీపతి పాదాలను తలచుకోవడమే లగ్నం, అదే మంచిరోజు, అదే తారాబలం అని. తర్వాత అందరి చేత “ఈ ముహూర్తం సుముహూర్తం అగుగాక” అనిపిస్తాం. పది పేజీల లెక్క వేసిన పంతులే చివరకు ఆ మాట అంటాడు. భక్తి ఉంటే లెక్క అక్కర్లేదని కొందరు దీన్ని చదువుకుంటారు. లెక్క వేశాక మిగిలిన లోటును దేవుడి మీద పెట్టడమని నేను చదువుకుంటాను.

కాబట్టి ఎవరైనా “మీకు ముహూర్తం దోషముంది, ఇంత పూజ చేయించకపోతే ఇంటి యజమానికి గండం” అంటే చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంకొక పంతులు దగ్గరికి పోండి. నిమ్మపండుతో పోయేదానికి పాతిక వేలు అడిగిన మాటలు నేను విన్నాను.

7. ఆ టైమ్ ఏ పనికో రాయించుకోండి

చీటీలో టైమ్ ఉంటుంది, ఏ పనికో ఉండదు. లగ్గంలో అది జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, తాళి కట్టేది కాదు. ఫోటోగ్రాఫర్‌కు ఈ సంగతి ముందే చెప్పకపోతే జీలకర్ర బెల్లం వేళకు లైట్లు సర్దుతూ ఉంటాడు. దర్వాజకైతే చట్రం నిలబెట్టే క్షణం. గృహప్రవేశానికి గడప దాటే క్షణం. పాలు పొంగించడం ఆ తర్వాతే, దానికి తొందర లేదు.

అమెరికాలో ఉన్న పిల్లల ఇంటికి ఇక్కడి టైమ్‌ను గంటలు మార్చి పంపకండి. తిథి, నక్షత్రం ముగిసే వేళలను అక్కడి టైమ్‌లోకి మార్చుకోవచ్చు గానీ లగ్నం, దుర్ముహూర్తం అక్కడి సూర్యోదయంతో కొత్తగా కట్టాలి. అంటే కొత్త చీటీయే.

ముహూర్తం రోజు గోడ గడియారాలను నమ్మకండి, ఫోన్ టైమ్ పెట్టుకోండి. గడప దగ్గర పని కనీసం అరగంట ముందే మొదలవ్వాలి: ఆవును తెచ్చి కట్టడం, కలశం, గుమ్మడికాయ, అయ్యగారి సంకల్పం. ఆ శుక్రవారం ఆవు ఆటో దిగనని మొండికేసింది. దూడను ముందు దించాక గానీ కదల్లేదు. ఇల్లుగలాయన 12:40 దాటిపోయిందని చెమటలు కక్కుతూ నా వంక చూశాడు. ఇంకా 12:51 దాకా ఉందని వేళ్లతో సైగ చేశాను. ఆమె నెత్తిన కలశంతో కుడికాలు గడప మీద పెట్టేసరికి 12:44 అయింది. నిమ్మపండు మాత్రం ఎవరూ తేలేదు, పక్కింటి చెట్టు నుంచి కోసుకొచ్చారు.